పద్దెనిమిదేళ్లకి ఎలుగుబంటి వద్దు

ఫిబ్రవరి 3

అక్కా,

ఈ ఉత్తరం కొట్లో ఉండగా అందితే గల్లా దగ్గర కూర్చుని విప్పకు. ఇంటికి తీసుకెళ్లి చదువు. చదివాక నువ్వు ఎవరి మీదో ఒకరి మీద అరుస్తావు. పాపం, బావగారే దొరుకుతారు.

ఫోన్‌లో మాట్లాడదామంటే మనిద్దరికీ ఏడుపే తప్ప మాట రావట్లేదు. నువ్వు "ఏం చేస్తున్నావే" అంటావు, నేను "ఏముందక్కా" అంటాను, ఇక అయిపోయింది. నా పెద్దోడు పోయినప్పటి నుంచీ మనం మాట్లాడుకున్నది లేదు. అందుకే రాస్తున్నాను. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని నీకు తెలిసిందే, సర్దుకో.

మా చిన్నదాని పుట్టినరోజుకి నువ్వు పంపిన పార్సిల్ అందింది. ఇదిగో, తిరిగి పంపిస్తున్నాను. దారిలో పాడవకుండా లాండ్రీలో మేం దుప్పట్లకి కట్టే ప్లాస్టిక్ సంచిలోనే కట్టాను. ఎలుగుబంటి, దాని మెడలో పద్దెనిమిది అంకె ఉన్న పట్టీ, మూత తీస్తే పాట పాడే కప్పు, అన్నీ ఉన్నాయి. లెక్క చూసుకో.

చిన్నది విప్పింది. ఎలుగుబంటి దాని కంటే లావుగా ఉంది. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి కాసేపు చూసి, "అమ్మా, పెద్దమ్మకి నేనింకా నాలుగో తరగతే" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలుసు. చుట్టాలొచ్చి చెంప గిల్లితే నవ్వే నవ్వు అది.

వచ్చే నెల పన్నెండుకి దానికి పద్దెనిమిది నిండుతాయి. ఈ ఏడు ఏమీ వద్దంది మా లాండ్రీ సూపర్వైజరు. "ఇంట్లో అంత జరిగాక పుట్టినరోజేంటమ్మా" అంది. నేను చెయ్యాలనుకున్నాను. పోయినవాడి కోసం ఉన్నదాన్ని దాచిపెట్టి ఉంచలేను. ఏం కావాలని దాన్నే అడిగాను. చెప్పింది. స్కూటర్ నేర్చుకుంటుందట. లైసెన్సు తీసుకుంటుందట. ఇక్కడ ఒక రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. ఆసుపత్రుల నుంచి శాంపిళ్లు చల్లగా ఉంచే పెట్టెలో పెట్టుకుని ల్యాబ్‌కి తెచ్చే పని ఇస్తామన్నారు. స్కూటర్ వాళ్లదే. పద్దెనిమిది నిండి, లైసెన్సు చేతిలో ఉండాలి, అంతే. ఏప్రిల్ నెలాఖరు దాకా ఆ చోటు ఖాళీగా ఉంచుతారు.

నేర్పించే ఫీజూ, హెల్మెట్టూ నేనిస్తున్నాను. నా పుట్టినరోజు కానుక అదే. నిన్ను అడగట్లేదు, చెబుతున్నాను.

నీ చెల్లెలు

---

ఫిబ్రవరి 9

ఏమే,

నా సరుకు నాకే తిప్పి పంపినదానివి నువ్వొక్కదానివే. ఇన్నేళ్లు కానుకల కొట్టు నడుపుతున్నాను, కొన్నవాళ్లు రంగు మార్చమని వస్తారు, సైజు మార్చమని వస్తారు. సొంత చెల్లెలు మాత్రం దుప్పట్ల సంచిలో కట్టి మొహాన కొట్టింది.

ఆ ఎలుగుబంటి నా కొట్లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయే వస్తువు. కాలేజీ పిల్లల తల్లులే కొంటారు. వాళ్లందరూ తెలివి తక్కువవాళ్లు, నువ్వొక్కదానివే తెలివైనదానివా?

సరే, బొమ్మ సంగతి వదిలెయ్. స్కూటరా? నీకు మతి ఉందా? వాడు ఎలా పోయాడో మర్చిపోయావా? వాన పడ్డ రోడ్డు, స్నేహితుడి బండి, వెనక కూర్చున్నవాడికి హెల్మెట్ ఎందుకులే అనుకున్నాడు. ఆసుపత్రిలో నువ్వు నా చెయ్యి పట్టుకుని "బండి అన్న మాట ఇక నా ఇంట్లో వినపడకూడదు" అన్నావు. నా చేతి మీద నీ గోళ్ల గాట్లు మానడానికి చాలా రోజులు పట్టింది. ఒక బిడ్డని రోడ్డుకి ఇచ్చావు. రెండో బిడ్డకి నువ్వే హెల్మెట్ కొని పంపిస్తావా?

నాకు అర్థమైందిలే. ఇంట్లో మగపిల్లాడు లేడు కాబట్టి దాన్ని వాడిలా చెయ్యాలనుకుంటున్నావు. వాడి పనులు, వాడి బండి. అది వాడు కాదే. అది మన చిట్టి.

దాన్ని నా దగ్గరికి పంపు. గల్లా మీద కూర్చోబెడతాను. నీడ, ఫ్యాను, నలుగురూ వచ్చే చోటు. పద్దెనిమిదికి బంగారు కమ్మలు చేయిస్తాను. పెద్దదైందని చెప్పడానికి బంగారం చాలదా? నీ హెల్మెట్ కంటే చెవులకి అందంగా ఉంటుంది.

అక్క

---

ఫిబ్రవరి 14

అక్కా,

దాన్ని వాడిలా చేస్తున్నానన్నావు చూడు, ఆ మాట చదివి ఇస్త్రీ మిషను దగ్గర నిలబడిపోయాను. దుప్పటి సగం లోపలికి వెళ్లి మడత పడింది, సూపర్వైజరు కేకలేసింది. వెయ్యనీ.

నిజం చెబుతాను విను. మొదట నేను వాడి వాచీయే ఇవ్వాలనుకున్నాను. ఆస్పత్రివాళ్లు ఒక కవర్లో పెట్టి ఇచ్చారు కదా, అది. వాచీల అతని దగ్గరికి తీసుకెళ్లి స్టీలు పట్టీలో లింకులు కొన్ని తీయించి దాని మణికట్టుకి సరిపడేలా చేయించాను. కొత్త బ్యాటరీ వేయించాను. ఇంతకంటే పెద్ద కానుక ఏముంటుంది అనుకున్నాను. పెట్టుకుంది. చూసుకుంది. విప్పేసి నా చేతిలో పెట్టింది.

"అమ్మా, ఇది నేను పెట్టుకుంటే నువ్వు నన్ను చూసినప్పుడల్లా అన్నయ్యనే చూస్తావు. ఒక్క రోజైనా నేను నేనుగానే ఉండాలి" అంది.

నాకు కోపం వచ్చింది. అన్నం కూడా తినలేదు ఆ పూట. తర్వాత అనిపించింది, అది చెప్పింది నిజమే కదా. పద్దెనిమిదికి మనం ఇచ్చేది వాళ్ల భుజానికి ఇంకొకరి బరువు కాకూడదు. అందుకే వాచీ బీరువాలో పెట్టాను, అన్నం దగ్గర కూర్చుని, "నీకు వద్దనేవి చెప్పు ముందు" అన్నాను. టకటకా చెప్పింది. అంకె రాసినవి వద్దు. మెరుపు కాగితం వద్దు. నువ్వు చిన్నప్పుడు కావాలనుకుని కొనుక్కోలేనివి నాకు కొనకు. ఈ మూడో మాట సూటిగా నాకే తగిలింది. ఎందుకంటే దాని కోసం ఎర్ర చేతిసంచి ఒకటి చూసి పెట్టుకున్నాను, అది నా చిన్నప్పటి ఆశే.

హెల్మెట్ని చుట్టి దాచి ఇవ్వలేమని నాకు తెలియదు అక్కా. పుట్టినరోజు నాడు పక్కన పెట్టి నిద్రలేపుదామనుకున్నాను. కొట్టాయన నవ్వాడు. "తల తీసుకురాకుండా హెల్మెట్ కొంటారా అమ్మా?" అన్నాడు. దాన్ని తీసుకెళ్లాను. కనుబొమ్మలకి కాస్త పైన టేపు చుట్టి కొలిచాడు. నేను ఒక సైజు పెద్దది ఇవ్వమన్నాను. నాకు అలవాటు కదా, ఎదుగుతారని ఏది కొన్నా వదులుగా కొంటాను. ఆయన నా మొహం చూసి, "ఈమె తల ఇంక ఎదగదు. వదులైతే పడ్డప్పుడు హెల్మెట్ ఒక దారి, తల ఒక దారి" అన్నాడు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. చిన్నది నా భుజం మీద చెయ్యి వేసి, "చెప్పండి, ఇంకా ఏం చూడాలి" అని ఆయన్నే అడిగింది.

బుగ్గలు ఒత్తుకోవాలి, నొప్పి పెట్టకూడదు. పట్టుకుని తిప్పితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. వెనక నుంచి ముందుకి లాగితే ఊడి రాకూడదు. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు మాత్రమే దూరాలి. పెట్టుకుని కాసేపు కొట్లోనే తిరగమన్నాడు. మొదటిది నుదుటి మీద ఎర్రగా గీత పెట్టింది, వద్దంది. ఇంకొకటి చూసింది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నది పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదట. అందుకే వేరేవాళ్లు వాడినది ఎప్పుడూ కొనకూడదట. పువ్వులున్న గులాబీ రంగుది నేను చూపించాను. అది తెల్లది తీసుకుంది. "దూరం నుంచి కనపడాలి" అంది. దాని డబ్బా అదే మోసుకొచ్చింది, నా చేతికి ఇవ్వలేదు.

ఇంకొకటి. లైసెన్సు కాగితం మీద నేనెక్కడ సంతకం పెట్టాలి అని నేర్పే చోట అడిగాను. "పద్దెనిమిది నిండాక వస్తోంది కదా, తల్లి సంతకం అక్కర్లేదు" అంది అక్కడి అమ్మాయి. దాని బడి కాగితాలన్నిటి మీదా వంకరటింకర సంతకం పెడుతూ వచ్చినదాన్ని. నా సంతకం అక్కర్లేదట. బయటికొచ్చి ఏడ్చాను. బాధతోనో గర్వంతోనో నాకే తెలియదు.

కమ్మలు నీ దగ్గరే ఉంచు.

చెల్లెలు

---

ఫిబ్రవరి 20

చెల్లీ,

నీతో వాదించి లాభం లేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, పట్టుకుంటే వదలవు. అందుకే చిట్టికే ఫోన్ చేశాను.

ఏమీ తిట్టలేదు దాన్ని. "మీ అమ్మ పైకి అలా ఉంటుంది కానీ లోపల చచ్చిపోతోంది తల్లీ. నువ్వు బండెక్కి గడప దాటితే నువ్వొచ్చేదాకా అది ఊపిరి తీసుకోదు. మీ అమ్మ కోసమైనా మానెయ్" అన్నాను. ఏడుస్తోందని తెలిసింది. చివరికి "సరే పెద్దమ్మా, మానేస్తాను" అంది. బంగారు తల్లి. నీకంటే దానికే బుద్ధి ఉంది.

కాబట్టి ఈ గొడవ ఇంతటితో సరి. కమ్మలకి కంసాలికి చెప్పేశాను. పన్నెండో తారీఖుకి నేనూ బావగారూ వస్తాం. ఆ హెల్మెట్ కొట్టాయనకి తిరిగి ఇచ్చెయ్యండి.

నన్ను తిట్టుకోకు. నేను చేసింది నీ కోసమే.

అక్క

---

ఫిబ్రవరి 25

అక్కా,

నీ ఉత్తరం వచ్చేదాకా నాకేమీ తెలియదు. చిన్నది నాతో ఒక్క ముక్క చెప్పలేదు. "ల్యాబ్ వాళ్లు ఇంకెవర్నో తీసుకుంటారేమోలే అమ్మా" అంది ఒకసారి. నేను నమ్మాను. హెల్మెట్ తీసుకుని కొట్టుకి వెళ్లిందట. ఒకసారి అమ్మినది వెనక్కి తీసుకోరట. మళ్లీ ఇంటికి తెచ్చి మంచం కింద తోసింది. నీ ఉత్తరం చదివి నేను మంచం కిందికి వంగి చూస్తే కనిపించింది.

నువ్వు దానికి ఏం కానుక ఇచ్చావో తెలుసా? నా భయాన్ని. చక్కగా మూట కట్టి దాని నెత్తిన పెట్టావు. ఎలుగుబంటి కంటే అది చాలా బరువు అక్కా. ఎలుగుబంటినైతే తిప్పి పంపగలిగాను.

దాన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను.

"నువ్వు నా కోసం మానేశావా?"

"నువ్వు తినవు అమ్మా. పడుకోవు. నాకు తెలియదా?"

"నేను తినకపోతే నా కడుపు మాడుతుంది. నీకేం?"

"అట్లా అంటే ఎట్లా? అన్నయ్య పోయాక నువ్వు ఎంత చిక్కిపోయావో చూసుకున్నావా అద్దంలో?"

"చూసుకున్నాను. అది నా దుఃఖం. నాది నేను మోస్తాను. నువ్వు పట్టుకుంటానంటే చెయ్యి విరగ్గొడతాను."

అది ఏడుపులోనే నవ్వింది. "పద్దెనిమిదేళ్లదాన్ని కొడతావా?" అంది.

"ఇంకా నిండలేదుగా" అన్నాను.

అప్పుడు ఇద్దరం మాట్లాడుకున్నాం. పెద్దవాళ్లు మాట్లాడుకున్నట్టు. అది నడుపుతున్నంతసేపూ నేను ఫోన్ చెయ్యను. చేసినా అది ఎత్తదు, ఎత్తలేదని నేను గోల చెయ్యను. వాన గట్టిగా పడితే ఎంత అర్జెంటు శాంపిలైనా ఆగుతుంది. ఆగినందుకు ల్యాబ్ వాళ్లు తిడితే తిట్టించుకుంటుంది. వెనక ఎవరు కూర్చున్నా వాళ్లకి హెల్మెట్ ఉండాలి, లేకపోతే దింపేస్తుంది, నన్నైనా సరే. ఇవి నేను పెట్టిన షరతులు కాదు. సగం అదే చెప్పింది. ఫోన్ సంగతి చెప్పింది చిన్నదే, నాకు కష్టమైంది కూడా అదే. ఒప్పుకున్నాను.

నువ్వు రావద్దు అక్కా. కమ్మలు పట్టుకుని రావద్దు. నీకేం తెలుస్తుంది, పోయింది నీ బిడ్డ కాదుగా. నా బిడ్డ పోయాడు. పోయాక కూడా రెండోదాన్ని రోడ్డు మీదికి పంపే ధైర్యం నాకుంటే, అడ్డుపడే హక్కు నీకెక్కడిది? ఊళ్లో ఎవరేమనుకున్నా సరే. తల్లి కాదు రాయి అననీ. రాయినే.

చెల్లెలు

---

మార్చి 3

చెల్లీ,

నీ బిడ్డ కాదుగా అన్నావు. చదివి కొట్టు షట్టరు దించేశాను. మధ్యాహ్నం పూట నేనెప్పుడూ దించలేదు. బావగారు భయపడి వచ్చారు.

నాకు పిల్లలు లేరు. సెలవులిచ్చారంటే వాళ్లిద్దరూ నా కొట్లోనే పెరిగారు. వాడు బెలూన్లు ఊదేవాడు, చిట్టి ధర చీటీలు అంటించేది, అన్నీ తప్పే. నేను కడుపున మోయలేదు, నిజమే. కానీ ఆ మాట నీ నోటి నుంచి వస్తుందని అనుకోలేదు. సరే. అన్నావు. నేను విన్నాను. ఇద్దరం బతికే ఉన్నాం.

నిజం ఒకటి చెప్పనా? నాకు అది ఎదగడం ఇష్టం లేదే. వాడు ఎదిగాడు, ఉద్యోగానికి వెళ్లాడు, పోయాడు. ఎదగని పిల్లకి ఏమీ కాదనిపించింది. బొమ్మ కొని పంపితే అది బొమ్మలతో ఆడుకునే వయసులోనే ఉండిపోతుందనుకున్నానేమో. నాకే సిగ్గుగా ఉంది రాయడానికి.

కొట్లో నిన్న ఒకావిడ వచ్చింది, కొడుక్కి పద్దెనిమిదట. ఎప్పటిలాగే ఎలుగుబంటి వైపు చెయ్యి చాచాను. ఆగాను. "అతనికి ఏం కావాలో అడిగారా?" అన్నాను. ఆవిడ నా వంక వింతగా చూసింది. "అడిగితే కానుకేంటండీ, మజా ఏముంది?" అంది. మజా మనకే అనబోయి ఆగాను. బేరం పోయేది. కానీ తర్వాత కూర్చుని ఆలోచించాను. ఇన్నేళ్లలో మార్చమని నా కొట్టుకి తిరిగొచ్చినవన్నీ అడక్కుండా కొన్నవే. మంచి తోలు పర్సు తిరిగి రాలేదు. చక్రాల పెట్టె తిరిగి రాలేదు. పిల్లలు స్వయంగా వచ్చి, జిప్పు లాగి చూసి, చక్రాలు దొర్లించి చూసి తీసుకెళ్లినవి ఒక్కటీ తిరిగి రాలేదు. నా కళ్ల ముందే ఉంది, నేనే చూడలేదు.

చిట్టికి మళ్లీ ఫోన్ చేస్తాను. భయపడకు. ముందు తప్పయిందని చెబుతాను. తర్వాత ఏం కావాలని అడుగుతాను. ఏమీ వద్దంటే ఏమీ పంపను.

నువ్వు రావద్దన్నావు కాబట్టి పన్నెండుకి రాను. రావాలని మాత్రం ఉంది.

అక్క

---

మార్చి 26

అక్కా,

నా మాటకి నేను రోజూ తిట్టుకుంటున్నాను. ఉత్తరంలో క్షమాపణ అడిగితే అతికించినట్టు ఉంటుంది. నువ్వొచ్చాక నీ కాళ్ల దగ్గర కూర్చుని చెబుతాను. లేకపోతే పక్కన కూర్చుని పోట్లాడతాను, ఏదొస్తే అది.

పన్నెండు ఎలా గడిచిందో చెప్పాలి నీకు. పొద్దున్నే లేచి తలంటుకుని, నా దగ్గరికి వచ్చి, "కానుక ఏది?" అంది. హెల్మెట్ ముందే ఇచ్చేశాను కదా, ఏం కానుక అన్నాను. ఇంకొకటి ఉందని దానికి అనుమానం. ఉంది. దాని పుట్టిన సర్టిఫికెట్టు, బడి కాగితాలు, టీకాల కార్డు, అన్నీ నా బీరువాలో చీరల కింద ఉండేవి కదా. ఒక గట్టి ఫైలు కొని అందులో సర్ది ఇచ్చాను. "ఇకమీదట ఎవరడిగినా నువ్వే చూపించు. పోతే నువ్వే వెతుక్కో" అన్నాను. ఒక్కొక్కటీ తిప్పి చూసింది. టీకాల కార్డు మీద నా పాత సంతకం చూసి నవ్వింది. "ఇది సంతకమా, చీమ కాలికి సిరా అంటుకుందా?" అంది. తర్వాత ఫైలు తీసుకెళ్లి దాని అలమారలో పెట్టుకుని తాళం వేసింది. నాకు కనిపించేలాగే వేసింది.

నీ పార్సిల్ అదే రోజు అందింది. వానకోటు. రంగు అదే చెప్పిందటగా, కళ్లు జిగేల్మనే పసుపు, వీపు మీద వెలుతురు పడితే మెరిసే పట్టీలు. ప్యాంటు వేరే, కోటు వేరే. పొడవు సరిచూసుకోవడానికి బండి మీద కూర్చున్నట్టు కుర్చీలో కూర్చుని మోకాళ్లు మడిచి చూసింది. చీలమండ దాకా వచ్చింది. ఆ రోజు ఎండ మండిపోతోంది. అయినా కోటు వేసుకుని వీధి చివర దాకా వెళ్లొచ్చింది. పిచ్చిది. నువ్వు లోపల పెట్టిన చీటీ చదివి మాత్రం నా ఎదుట ఏడవకూడదని పెరట్లోకి వెళ్లింది. అందులో ఏం రాశావో నేను అడగలేదు. అది దానిది.

లెర్నింగు లైసెన్సు వచ్చింది. ఇవాళ మొదటి రోజు. ఊరి బయట మైదానం, చుట్టూ ఇనుప కంచె. నేర్పే ఆవిడ పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ముందు స్టాండు వెయ్యడం, తియ్యడం. తర్వాత ఇంజను ఆపి తోసుకుంటూ నడవడం. బరువు ఎటు పోతుందో ఒళ్లు తెలుసుకోవాలట. తర్వాత రెండు బ్రేకులూ కలిపి నెమ్మదిగా నొక్కడం. ఇవన్నీ అయ్యాకే ఇంజను.

కదిలింది. రెండు కాళ్లూ బాతులా పక్కకి చాపి కదిలింది. ఇటుకలు పెట్టిన చోట మలుపు తిప్పుతూ ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేసింది. పడింది అక్కా. నా కళ్ల ముందే పడింది. బండి ఒక పక్క, అది ఒక పక్క.

నేను కంచె పట్టుకున్నాను. కేక పెట్టలేదు. నీ మీద ఒట్టు, కళ్లు కూడా మూసుకోలేదు. నోట్లో ఉప్పగా అనిపించింది, పెదవి కొరుక్కున్నానని తర్వాత తెలిసింది. నేర్పే ఆవిడ చెయ్యి అందించబోతే వద్దంది. మోకాలు దులుపుకుంది. బండి ఎలా లేపాలో ఆవిడ చెప్పింది. వీపు ఆనించి కాళ్ల బలంతో లేపింది. హ్యాండిల్ వంకర పోయిందేమో చూసుకుంది. అప్పుడు తల తిప్పి నా వైపు చూసింది. నేను కంచె వదల్లేదు.

బండి స్టాండు వేసి నడిచి వచ్చింది. కంచె అవతలి నుంచి, ఆయాసపడుతూ, హెల్మెట్ అద్దం పైకెత్తి, "అమ్మా, దెబ్బ తగల్లేదు. నువ్వు ఇంటికెళ్లు" అంది.

"ఉంటానే, అయిపోయేదాకా."

"వద్దు. నువ్వుంటే నేను రోడ్డు చూడను, నిన్ను చూస్తాను. వెళ్లు."

ఒక్క నిమిషం నాకు ఒళ్లు మండింది. ఎవరికి చెబుతున్నావే అని నోటి దాకా వచ్చింది. మింగాను. సంచి భుజానికి తగిలించుకున్నాను. వచ్చేటప్పుడు ఇద్దరం ఆటోలో వచ్చాం. నేనొక్కదాన్నే నడుచుకుంటూ బయల్దేరాను. వెనక స్కూటర్ మళ్లీ స్టార్టయింది. ఆగింది. మళ్లీ స్టార్టయింది. దాని చప్పుడు మలుపు దగ్గర తగ్గి, తిన్నగా వచ్చాక పెరిగేది. వెనక్కి తిరగలేదు అక్కా. మెడ నొప్పెట్టేంత గట్టిగా ముందుకే చూసుకుంటూ నడిచాను. ఆ చప్పుడు వినపడనంత దూరం వచ్చాక కూడా తిరగలేదు.

నీ చెల్లెలు